ఆ లక్షన్నర ఎక్కడుంది? ఫైనాన్స్ పాఠం చెప్పే మాస్టార్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో ఎంబీఏ, ఎం.కాం. పిల్లలకు ఫైనాన్స్ చెప్పే మాస్టార్లకు, మేడమ్‌లకు,

నమస్కారం. నారాయణగూడలో ఆడిట్ ఆఫీసు నడుపుకునేవాణ్ణి. మీ దగ్గర చదువుకున్న పిల్లలే నా దగ్గరికి ఉద్యోగానికి వస్తారు. నా క్లయింట్లకు బ్యాంకు లోను కోసం ప్రాజెక్టు రిపోర్టులు రాసేదీ వాళ్ళే. వాళ్ళ లెక్కలు చక్కగా ఉంటాయి. ఒక్క చోట మాత్రం ఇరవై ఏళ్ళుగా ఒకే పొరపాటు చూస్తున్నాను. అది పిల్లలది కాదు, పాఠానిది. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

ప్రాజెక్టు చివరి ఏడాది మెషిన్ అమ్మేస్తాం. బుక్ వాల్యూ కంటే ఎక్కువకు అమ్మితే ఆ లాభం మీద పన్ను కట్టాలి, తక్కువకు అమ్మితే ఆ నష్టం వల్ల పన్ను ఆదా అవుతుంది. అమ్మిన ధర `S`, బుక్ వాల్యూ `B`, పన్ను రేటు `T` అనుకుంటే చేతికొచ్చేది ఇంత అని బోర్డు మీద రాస్తారు:

```
S - T × (S - B)
```

అమెరికా పాఠ్యపుస్తకం నుంచి వచ్చిన సూత్రం ఇది. అక్కడ ఒక్కో మెషిన్‌కూ విడిగా లెక్క ఉంటుంది, అమ్మిన ఏడాదే లాభనష్టం తేలుతుంది. ఒకప్పుడు మనకూ దాదాపు అంతే. మెషిన్ తక్కువకు పోతే ఆ తేడాని అదే ఏడాది ఖర్చు రాసుకునేవాళ్ళం, ఎక్కువకు పోతే కొన్న ధర దాకా వచ్చిన తేడా వ్యాపార ఆదాయంలో కలిసేది. 1986లో చట్టం సవరించి, 1988-89 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి ఆ పద్ధతి తీసేశారు. దాని స్థానంలో 'బ్లాక్ ఆఫ్ అసెట్స్' వచ్చింది. సూత్రం మాత్రం బోర్డు మీద అలాగే ఉండిపోయింది. (కరెంటు ఉత్పత్తి చేసే కంపెనీలు కావాలంటే ఇప్పటికీ పాత పద్ధతిలోనే మెషిన్‌వారీగా చూపించుకోవచ్చు. మీ సూత్రం లాభానికీ నష్టానికీ రెంటికీ సరిగ్గా అతికేది వాళ్ళకే.)

నా క్లయింటు ఒకాయన కథ చెబుతాను. ఊరు, పేరు అక్కర్లేదు, జీడిమెట్ల వైపు షెడ్డు అనుకోండి. మందుల కంపెనీకి ఐదేళ్ళ పాటు టాబ్లెట్లు ప్యాక్ చేసి ఇచ్చే పని దొరికింది. దానికోసమే వేరే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి, 40 లక్షలు పోసి బ్లిస్టర్ ప్యాకింగ్ మెషిన్, దాని పక్కన కంప్రెసర్, చిల్లర్ కొన్నాడు. 2019 జూన్‌లో మెషిన్ తిరగడం మొదలైంది. బ్యాంకుకిచ్చిన రిపోర్టు మీ శిష్యుడే ఎవరో రాశాడు. సంతకం పెట్టే ముందు నేనూ చూశాను, తలూపాను. ఆ తప్పులో నా వాటా నాకుంది.

ఆదాయపు పన్ను లెక్కలో మామూలు మెషినరీకి ఏటా 15 శాతం తరుగుదల, అదీ మిగిలిన విలువ మీద. 40 లక్షలు మొదటి ఏడాది చివరికి 34 అవుతుంది, తర్వాత 28.90, 24.57, 20.88, ఐదో ఏడాది చివరికి 17.75 లక్షలు. రిపోర్టులో అమ్మకం ధర 12 లక్షలు వేశారు. నష్టం 5.75 లక్షలు, పాతిక శాతం పన్ను మీద ఆదా 1.44 లక్షలు, వెరసి చేతికి 13.44 లక్షలు. ('కొత్త రేటు' ఎంచుకున్న కంపెనీకి సర్‌చార్జి, సెస్సు కలిపితే 25.168 శాతం పడుతుంది. లెక్క తేలికగా ఉండాలని ఉత్తరమంతా 25 అనే వాడుతున్నాను.)

కాంట్రాక్టు అయిపోయింది. 2025 ఫిబ్రవరిలో పాత మెషిన్లు కొనే ఆసామి ఒకాయన వచ్చి, ఖాళీ ఫాయిల్ ఎక్కించి అరగంట తిప్పి చూశాడు. మెషిన్ బాగానే ఉంది కానీ ఛేంజ్ పార్ట్స్ ఒక్క సైజు టాబ్లెట్‌కే ఉన్నాయి. వేరే సైజు ప్యాక్ చేయాలంటే కొత్తవి చేయించుకోవాలి కదా అని ధర తెగ్గోసి చివరికి 12 లక్షల దగ్గర ఆగాడు. రిపోర్టులో వేసిన ధరే వచ్చిందని మావాడు సంబరపడ్డాడు. కంప్రెసర్‌తో సహా మొత్తం లాట్ ఒకే బిల్లు మీద వెళ్ళిపోయింది.

సెప్టెంబరులో రిటర్ను తయారవుతుంటే ఆఫీసుకొచ్చి, పాత రిపోర్టు తెరిచి వేలు పెట్టి అడిగాడు: "సార్, గీడ పన్ను ఆదా లక్షా నలభై నాలుగు వేలని రాసిండ్రు గదా. గది ఏడున్నది?"

ఎక్కడా లేదు. బ్లాక్ అంటే ఏమిటో సరిగ్గా చెప్పుకుంటే ఎందుకు లేదో అర్థమవుతుంది.

పన్ను చట్టం మీ మెషిన్‌ని మెషిన్‌గా చూడదు. ఒకే కోవకు చెంది, ఒకే తరుగుదల రేటు ఉన్న ఆస్తులన్నిటినీ ఒకే గంగాళంలో పోస్తుంది. 15 శాతం మెషినరీ ఒక గంగాళం, 40 శాతం కంప్యూటర్లు ఇంకొకటి, 10 శాతం ఫర్నిచర్ మరొకటి. గంగాళంలో పడ్డాక ఏ నీళ్ళు ఏ బిందెలోవో తెలియదు. కొత్త మెషిన్ కొంటే దాని ధర గంగాళంలో పోస్తాం, పాతది అమ్మితే వచ్చిన డబ్బు తోడేస్తాం. ఏడాది చివర మిగిలినదాని మీద తరుగుదల. మెషిన్ అమ్మితే లాభమా నష్టమా అన్న ప్రశ్నే మామూలుగా పుట్టదు.

ఆ ప్రశ్న పుట్టేది రెండు సందర్భాల్లోనే, రెండూ 1961 చట్టం 50వ సెక్షన్‌లో ఉన్నాయి. తోడిన డబ్బు గంగాళంలో ఉన్నదానికంటే ఎక్కువైతే మొదటిది. గంగాళంలో ఒక్క ఆస్తి కూడా మిగలకుండా అన్నీ అమ్మేస్తే రెండోది. అప్పుడు తేలే తేడాని చట్టం షార్ట్ టర్మ్ క్యాపిటల్ గెయిన్ అంటుంది, నష్టమైతే షార్ట్ టర్మ్ క్యాపిటల్ లాస్ అంటుంది. మెషిన్ పదేళ్ళు మన దగ్గరున్నా పేరు షార్ట్ టర్మే. (1961 చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి, బ్లాక్ పద్ధతి పోలేదు.)

మావాడికి జరిగింది రెండోది. కంపెనీలో ఉన్నదే ఆ ఒక్క లైను. కంప్రెసర్‌తో సహా అమ్మేసరికి బ్లాక్ ఖాళీ అయింది. 5.75 లక్షల నష్టం క్యాపిటల్ లాస్ అయి కూర్చుంది. క్యాపిటల్ లాస్‌ని వ్యాపార లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు, ఇంకో క్యాపిటల్ గెయిన్ ఉంటేనే దానితో సరిపెట్టుకోవాలి. రిటర్ను గడువులోగా వేస్తే ఎనిమిదేళ్ళు ముందుకు మోసుకెళ్ళొచ్చు. మోసుకెళ్ళి ఏం చేస్తాడు? ఆ కంపెనీకి స్థలం లేదు, షేర్లు లేవు, అమ్మడానికి ఇంకేమీ లేదు.

"పటాన్‌చెరుల ప్లాటున్నది గద సార్, గది అమ్మితే?" అన్నాడు ఆశగా. ఆ ప్లాటు ఆయన భార్య పేరు మీద ఉంది. కంపెనీ నష్టం కంపెనీదే.

అసలు బాధ ఇది కూడా కాదు. జూన్‌లో ఆయనకు వేరే మందుల కంపెనీ నుంచి స్ట్రిప్ ప్యాకింగ్ ఆర్డరు వచ్చింది, అదే కంపెనీ పేరు మీద కొత్త మెషిన్ కొన్నాడు. పాతది ఫిబ్రవరిలో అమ్మి, కొత్తది జూన్‌లో కొన్నాడు. మధ్యలో మార్చి 31 దాటిపోయింది. కొత్త మెషిన్ మార్చిలోపే కొని ఉంటే బ్లాక్ ఖాళీ అయ్యేది కాదు. లేదా ఆ కంప్రెసర్ ఒక్కటి లాట్‌లో కలపకుండా మూలన ఉంచుకున్నా సరిపోయేది, కొత్త పనిలో దానికి ఎలాగూ అవసరం పడింది, మళ్ళీ కొన్నాడు. అప్పుడు ఆ 5.75 లక్షలు బ్లాక్‌లోనే ఉండి, ఏటా 15 శాతం చొప్పున తరుగుదలగా వ్యాపార లాభంలోంచి తగ్గుతూ వచ్చేవి. ఆ లాట్‌లో కంప్రెసర్‌కి వచ్చిన ధర నలభై వేలు.

ఇది చదివి పిల్లలకు 'ఒక సామాను మిగుల్చుకోండి' అనే చిట్కా నేర్పుతారేమో, అది వద్దు. వ్యాపారం కొనసాగితేనే దానికి అర్థం. షెడ్డుకు తాళం వేసేశాక మూలన కంప్రెసర్ ఉన్నా, తరుగుదల తీసేసుకోవడానికి ఆదాయం ఉండదు, వాడని ఆస్తి మీద తరుగుదల ఏమిటని ఆఫీసరు అడిగితే జవాబూ ఉండదు.

ఇప్పుడు ఇదే మెషిన్ పెద్ద కంపెనీలో ఉందనుకుందాం. అక్కడ 15 శాతం బ్లాక్‌లో మిగతా మెషిన్లవి 60 లక్షలు ఉన్నాయి, ఇది 17.75, మొత్తం 77.75 లక్షలు. ఛేంజ్ పార్ట్స్ రెండు మూడు సైజులకు ఉన్నాయి కాబట్టి ధర 24 లక్షలు పలికింది. మీ సూత్రం ప్రకారం లాభం 6.25 లక్షలు, ఈ ఏడాదే పన్ను 1.56 లక్షలు, చేతికి 22.44.

వాస్తవంలో ఈ ఏడాది ఆ లాభం మీద పన్ను అనేదే రాదు. బ్లాక్‌లోంచి 24 తోడితే 53.75 మిగులుతుంది. సరిగ్గా 17.75కే అమ్మి ఉంటే 60 మిగిలేది. ఆ 6.25 లక్షల తేడా మీద తరుగుదల తగ్గుతుంది, జరిగేది అంతే. మొదటి ఏడాది 93,750 రూపాయల తరుగుదల పోయి 23,400 దాకా పన్ను ఎక్కువ పడుతుంది. రెండో ఏడాది 19,900, మూడో ఏడాది 16,900, అలా చిన్నదవుతూ పోతుంది. ఐదేళ్ళు గడిచినా మొత్తం కట్టింది 87 వేల దగ్గరే ఉంటుంది. అంతా కలిపితే ఎప్పటికో ఆ 1.56 లక్షలే అవుతుంది. కానీ కాలం విలువ లెక్కగట్టడానికే కదా మనం ఈ సబ్జెక్టు చెప్పేది. తరుగుదల రేటు `d`, డిస్కౌంట్ రేటు `k` అనుకుంటే, అమ్మిన ఏడాది చివర నిలబడి చూసినప్పుడు ఆ పన్ను విలువ ఇది:

```
T × (S - B) × d × (1 + k) / (d + k)
```

12 శాతం డిస్కౌంట్ రేటుతో ఇది 97 వేలు వస్తుంది. అంటే మీ సూత్రం చెప్పిన 1.56 లక్షల్లో ఐదింట మూడు వంతుల కంటే కాస్త ఎక్కువ. చేతికొచ్చేది 22.44 కాదు, 23.03 లక్షలు. ఇదే కంపెనీ మెషిన్‌ని 12 లక్షలకు అమ్మి ఉంటే ఆదా కూడా ఇదే లెక్కన 1.44 నుంచి 89 వేలకు దిగేది. అంటే నడుస్తున్న బ్లాక్‌లో లాభం మీద పన్నూ, నష్టం మీద ఆదా రెండూ ఒకే పాళ్ళలో పలచబడతాయి.

ఖాళీ అయిన బ్లాక్‌లో అలా కాదు. మావాడి మెషిన్ 12కి కాక 24కి పోయి ఉంటే 6.25 లక్షల గెయిన్ మీద ఆ ఏడాదే పూర్తి పన్ను పడేది, మీ సూత్రం అక్షరాలా నిజమయ్యేది. నష్టం వస్తే మాత్రం ఆదా సున్నా. లాభం వస్తే సర్కారు వెంటనే వాటా అడుగుతుంది, నష్టం వస్తే ఇంకో గెయిన్ తెచ్చుకో అంటుంది. విడి కంపెనీ పెట్టి, ఒక్క కాంట్రాక్టు కోసం మెషిన్ కొనే ప్రాజెక్టులు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. వాటి రిపోర్టుల్లో చివరి ఏడాది నష్టం కింద 'పన్ను ఆదా' అన్న వరుస కనిపిస్తే, ఆ కంపెనీకి వేరే క్యాపిటల్ గెయిన్ ఎక్కడిదని అడగాలి.

'బుక్ వాల్యూ' అన్న మాట గురించి కూడా చెప్పాలి, నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమంది ముందుగా బోల్తాపడేది అక్కడే. రెండు పుస్తకాలున్నాయి. నేను పైన రాసిన 17.75 పన్ను పుస్తకంలోది. కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లోది వేరు. 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూల్ ప్రకారం మామూలు మెషినరీకి పదిహేనేళ్ళ ఆయుష్షు. 5 శాతం మిగులు విలువ పక్కన పెట్టి, మిగతాది సమానంగా పంచితే ఏటా 2.53 లక్షల తరుగుదల, ఐదేళ్ళకు మిగిలేది 27.33 లక్షలు.

24 లక్షలకు అమ్మిన మెషిన్‌నే చూడండి. బ్యాలెన్స్ షీట్ ప్రకారం 3.33 లక్షల నష్టం. పన్ను లెక్కలో బుక్ కంటే 6.25 లక్షలు ఎక్కువ. ఒకే మెషిన్, ఒకే బిల్లు, ఒక చోట నష్టం, ఒక చోట లాభం. ఆడిటైన బ్యాలెన్స్ షీట్‌లోంచి 27.33 తీసుకుని సూత్రంలో వేసే పిల్లవాడు, పన్ను 83 వేలు ఆదా అయి 24.83 లక్షలు చేతికొస్తాయని రాస్తాడు. సూత్రం సరిగ్గా వర్తించే చోట కూడా రావలసింది 22.44. రెండు లక్షల నలభై వేల తేడా, అదీ తప్పు దిక్కులో. నిజానికి ఆడిట్‌లో మేము మొదట చేసే పని, లాభనష్టాల ఖాతాలో మెషిన్ అమ్మకం మీద చూపించిన నష్టాన్ని తిరిగి ఆదాయానికి కలపడం, లాభమైతే తీసేయడం. పన్ను లెక్కకు దానితో పనిలేదు.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. పిల్లవాడు వేసిన తరుగుదల వరుస చూడండి. ఏటా ఒకే అంకె ఉంటే అది కంపెనీ పుస్తకం, ఏటా సరిగ్గా 15 శాతం చొప్పున తగ్గుతూ పోతే పన్ను పుస్తకం. పన్ను ఆదా లెక్కకు ఒక పుస్తకం, చివరి అమ్మకానికి ఇంకో పుస్తకం వాడిన రిపోర్టులు కూడా నా బీరువాలో ఉన్నాయి.

అమ్మకం తేదీ గురించి కూడా పాఠంలో పెద్దగా పట్టింపు ఉండదు. ఐదో ఏడాది పూర్తి తరుగుదల వేసుకుని, అదే ఏడాది చివరి రోజున మెషిన్ అమ్మినట్టు చూపిస్తారు. మన చట్టంలో ఆ రెండూ కలిసి కుదరవు. ఏడాదిలో ఎప్పుడు అమ్మినా, ముందు అమ్మిన డబ్బు తోడేయాలి, తర్వాతే తరుగుదల. మార్చి 25న అమ్మితే ఆ మెషిన్‌కి ఐదో ఏడాది తరుగుదల ఉండదు, పోల్చాల్సిన విలువ 20.88. ఏప్రిల్ 5న అమ్మితే ఐదో తరుగుదల వచ్చేసింది, పోల్చాల్సింది 17.75, కానీ లెక్క వచ్చే ఏడాదిలోకి పోతుంది. పదకొండు రోజుల్లో ఇంత మారుతుంది, డబ్బు మాత్రం అంతే.

నేను సూత్రం చెరిపేయమనడం లేదు. బ్లాక్ ఖాళీ అయి లాభం వచ్చే ప్రాజెక్టుకి అది పనికొస్తుంది. దానికంటే ముందు పిల్లవాడి చేత ఒక వాక్యం రాయించండి చాలు: ఈ మెషిన్ అమ్మాక ఈ కంపెనీలో ఈ రేటు ఆస్తి ఇంకొకటి మిగులుతుందా లేదా. మిగిలితే ఒక లెక్క, మిగలకపోతే వేరే లెక్క. ఇప్పుడు ప్రశ్నపత్రంలో ఆ సంగతే ఉండదు, కాబట్టి పిల్లవాడు అడగడు, రేపు రిపోర్టు రాసేటప్పుడు క్లయింటునీ అడగడు.

వచ్చే సెమిస్టర్ పేపరుకి నా తరఫున ఒక ప్రశ్న. వాడుకోండి, పేరు పెట్టక్కర్లేదు.

"ఒక కంపెనీ 2019 జూన్‌లో 40 లక్షలకు ప్యాకింగ్ మెషిన్, కంప్రెసర్ కొన్నది. 15 శాతం బ్లాక్‌లో వేరే ఆస్తి లేదు. కంపెనీకి క్యాపిటల్ గెయిన్ ఏదీ లేదు, పన్ను 25 శాతం. 2025 ఫిబ్రవరిలో (అ) అన్నీ కలిపి 12 లక్షలకు, (ఆ) కంప్రెసర్ ఉంచుకుని మిగతావి 11.60 లక్షలకు అమ్మవచ్చు. 2025 జూన్‌లో అదే రేటు మెషిన్ ఇంకొకటి కొనబోతోంది. ఏది మేలు, ఎంత మేలు?"

ఇట్లు,
నారాయణగూడ నుంచి ఒక ఆడిటరు